సగం నింపిన సుడోకుని ఫోటో తీసి పూర్తి చేయడం ఎలా? కష్టమైన గడిలో ఆ అంకే ఎందుకు వస్తుంది?

పేపర్లో వచ్చిన సుడోకుని పెన్నుతో సగం దాకా నింపాక ఒక్కసారిగా ఆగిపోవడం చాలామందికి అలవాటే. అప్పుడు ఫోన్ తీసి, ఏదో ఒక సుడోకు స్కానర్ యాప్‌లో ఫోటో కొడితే క్షణంలో మొత్తం నిండిపోతుంది. ఇది కొత్త విషయమేమీ కాదు. 2011 జనవరిలో వచ్చిన గూగుల్ గాగుల్స్ 1.3 వెర్షన్‌లోనే ఈ ఫీచర్ ఉంది.

అయితే ఇక్కడ రెండు ప్రశ్నలు మిగిలిపోతాయి. ఒకటి, ఫోటోలోని అంకెలను ఫోన్ సరిగ్గానే చదివిందా? రెండు, మనం ఆగిపోయిన ఆ గడిలో 4 వచ్చిందని యాప్ చెప్పింది సరే, 2 గానీ 6 గానీ ఎందుకు రాకూడదు? ఈ రెండింటికీ జవాబు తెలియకపోతే యాప్ ఇచ్చింది సమాధానమా, తప్పుగా చదివిన వేరే పజిల్‌కి సమాధానమా అన్నది కూడా తెలియదు. అందుకే ఒకే ఒక్క గ్రిడ్‌ని తీసుకుని, ఫోటో దగ్గర నుంచి చివరి గడి దాకా పూర్తిగా చూద్దాం.

ఫోటోలో ఉన్న గ్రిడ్ ఇదీ

కొన్ని అంకెలు ప్రింట్‌లో ఉన్నవి, మిగతావి పెన్నుతో నింపినవి. మొత్తం 46 గడులు నిండాయి, 35 ఖాళీ. ఖాళీ గడిని చుక్కతో చూపిస్తున్నాం.

```
5 . . | . . . | 3 . 1
6 . 9 | . 3 1 | 5 8 2
1 3 . | . 2 5 | . . 7
------+-------+------
. . . | . . 9 | 8 3 5
. 9 . | 5 . 3 | 1 . .
3 . 5 | . 1 8 | . 7 9
------+-------+------
. 5 7 | 1 8 . | 9 . 3
. . . | 3 9 7 | . 5 .
9 . 3 | . 5 2 | 7 1 8
```

గడుల పేర్లకి సాల్వర్ యాప్స్‌లో కనిపించే పద్ధతినే వాడుకుందాం. `R6C7` అంటే పై నుంచి 6వ వరుస, ఎడమ నుంచి 7వ కాలమ్. బాక్సులకి ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి 1 నుంచి 9 వరకు నంబర్లు. అంటే పై ఎడమ మూలది 1వ బాక్స్, కింద కుడి మూలది 9వ బాక్స్.

ఫోన్ ఫోటోని ఎలా చదువుతుంది?

స్కానర్ యాప్ లోపల జరిగేది స్థూలంగా నాలుగు పనులు. ముందు ఫోటోని నలుపు తెలుపుల్లోకి మారుస్తుంది. తర్వాత అందులో అతి పెద్ద చతురస్రం ఎక్కడుందో వెతుకుతుంది. ఫోన్ కాస్త వంకరగా పట్టుకున్నా, ఆ చతురస్రం నాలుగు మూలల్ని లాగి నిటారుగా సర్దుతుంది. చివరగా దాన్ని సమానంగా 81 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏ అంకె ఉందో గుర్తుపడుతుంది.

ఫోన్ వంకరగా ఉంటే సర్దడం తేలికే, ఎందుకంటే గీతలు ఏటవాలుగా ఉన్నా తిన్నగానే ఉంటాయి. కానీ పేపర్ మడతపడి గీతలే వంగిపోతే నాలుగు మూలలు లాగినంత మాత్రాన లోపలి గడులు సర్దుకోవు. అప్పుడు గడి అంచున ఉన్న గీత కూడా ముక్కలోకి వచ్చేస్తుంది. ఆ గీతని యాప్ 1 అనుకునే ప్రమాదం ఉంది. అందుకే పేపర్‌ని బల్ల మీద పరిచి, ఫోన్‌ని కాస్త పైకి ఎత్తి, అవసరమైతే 2ఎక్స్ జూమ్ పెట్టి తీయండి. మరీ దగ్గరగా పెట్టి తీస్తే వైడ్ లెన్స్ వల్ల కూడా అంచుల్లో గీతలు వంగుతాయి.

సగం నింపిన గ్రిడ్‌కి ఇంకో చిక్కు ఉంది. చాలామంది గడి మూలల్లో చిన్న చిన్న అంకెలు రాసుకుంటారు, అక్కడ ఏవి రావచ్చో గుర్తుండటానికి. కొన్ని యాప్స్ వాటిని కూడా సమాధానం అనుకుంటాయి. ఫోటో తీసే ముందు వాటిని చెరిపేయడం మంచిది. అలాగే డాక్యుమెంట్ స్కాన్ మోడ్‌లో ఉండే బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వాడకండి. అది పెన్సిల్ రాతని మాయం చేస్తుంది, నీలం పెన్నుకీ నల్ల ప్రింట్‌కీ ఉన్న తేడాని కూడా తుడిచేస్తుంది. ఆ తేడా మనకి తర్వాత కావాలి.

తప్పు చదివితే ఎలా కనిపెట్టాలి?

మన గ్రిడ్‌లో `R1C9` దగ్గర 1 ఉంది. దాన్ని ఫోన్ 7 అని చదివిందనుకోండి. 9వ కాలమ్‌లో `R3C9` దగ్గర ఇప్పటికే 7 ఉంది. ఒకే కాలమ్‌లో రెండు 7లు వచ్చాయి కాబట్టి యాప్ వెంటనే ఎర్ర రంగులో చూపిస్తుంది. ఇలాంటి తప్పు దొరికిపోతుంది కాబట్టి భయం లేదు.

అసలు ప్రమాదం ఎలాంటి రిపీట్ లేకుండా వచ్చే తప్పుతో. `R3C2` చూడండి. అక్కడ 3 ఉంది. నీడ పడిన ఫోటోలో 3, 8గా కనిపించడం మామూలే. 3వ వరుసలో వేరే 8 లేదు, 2వ కాలమ్‌లో లేదు, 1వ బాక్స్‌లో కూడా లేదు. అంటే తప్పుగా చదివిన 8 అక్కడ హాయిగా కూర్చుంటుంది, ఏ ఎర్ర గుర్తూ రాదు. సాల్వ్ నొక్కితే మాత్రం సమాధానం లేదు అని వస్తుంది.

ఆ తప్పు ఎక్కడుందో మనమే పట్టుకోవచ్చు. రిపీట్ల కోసం కాదు, చోటు లేని అంకె కోసం వెతకాలి. 1వ బాక్స్‌లో 3 ఎక్కడ పెట్టగలం? `R1C2`, `R1C3` కుదరవు, 1వ వరుసలో 3 ఉంది. `R2C2` కుదరదు, 2వ వరుసలోనూ 3 ఉంది. `R3C3` కుదరదు, 3వ కాలమ్‌లో అడుగున 3 ఉంది. అంటే ఆ బాక్స్‌లో 3కి చోటే లేదు. కాబట్టి తప్పు ఆ చుట్టుపక్కలే ఉందని అర్థం. పేపర్‌తో పోల్చి చూస్తే `R3C2` బయటపడుతుంది.

ఇప్పుడు అదే గడిని ఫోన్ అసలు చదవలేక ఖాళీగా వదిలేసిందనుకోండి. అప్పుడు ఏ నష్టమూ లేదు. పైన చెప్పిన లెక్క ప్రకారమే 1వ బాక్స్‌లో 3కి మిగిలేది `R3C2` ఒక్కటే, కాబట్టి అది తనంతట తానే తిరిగి వచ్చేస్తుంది. ఇందులో తేలేది ఏంటంటే, అనుమానంగా ఉన్న అంకెని ఊహించి ఉంచడం కంటే ఖాళీ చేయడం మేలు. స్కాన్ తర్వాత ఎడిట్ స్క్రీన్ వస్తే, మసకగా ఉన్న గడులను తుడిచేసి సాల్వ్ నొక్కండి.

అయితే ఖాళీ చేయడానికీ ఒక హద్దు ఉంది. మరీ ఎక్కువ తీసేస్తే పజిల్‌కి రెండు మూడు సమాధానాలు వచ్చేస్తాయి. 17 కంటే తక్కువ అంకెలతో ఒకే సమాధానం ఉండే సుడోకు అసలు లేదని యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌కి చెందిన గ్యారీ మెక్‌గ్వయర్ బృందం 2012లో కంప్యూటర్‌తో వెతికి తేల్చింది. 17, అంతకన్నా ఎక్కువ ఉన్నా ఒకే సమాధానం ఉంటుందన్న గ్యారంటీ లేదు. అందుకే సాల్వర్ ఒక సమాధానం దొరకగానే ఆగకూడదు, రెండోది ఉందేమో కూడా చూడాలి.

కంప్యూటర్ పద్ధతి: పెట్టి చూడటం

ఫోన్‌లో పైథాన్ నడిపే యాప్ ఉంటే ఈ చిన్న కోడ్‌తో మీరే చెక్ చేసుకోవచ్చు. `g` అంటే 81 అంకెల లిస్ట్, ఖాళీ గడికి 0. `found` అనేది ఖాళీ లిస్ట్.

```python
def candidates(g, i):
    r, c = divmod(i, 9)
    used = set()
    for j in range(81):
        a, b = divmod(j, 9)
        if a == r or b == c or (a//3 == r//3 and b//3 == c//3):
            used.add(g[j])
    return [d for d in range(1, 10) if d not in used]

def solve(g, found):
    empty = [i for i in range(81) if g[i] == 0]
    if not empty:
        found.append(g[:])
        return
    i = min(empty, key=lambda k: len(candidates(g, k)))
    for d in candidates(g, i):
        g[i] = d
        solve(g, found)
        if len(found) == 2:
            break
    g[i] = 0
```

పని అయ్యాక `found` లో ఒక గ్రిడ్ ఉంటే అంతా సవ్యం. రెండు ఉంటే కొన్ని అంకెలు తప్పిపోయాయి. ఏమీ లేకపోతే ఏదో ఒక అంకె తప్పు. ఇచ్చిన అంకెల్లోనే రిపీట్ ఉంటే ఈ కోడ్ దాన్ని పట్టుకోదు, కాబట్టి ఆ చెక్ ముందే చేసుకోవాలి.

పెన్ను అంకెలు ఉన్న ఫోటోకి ఒక మంచి పద్ధతి ఉంది. ముందు ప్రింట్ అంకెలు మాత్రమే ఇచ్చి సాల్వ్ చేయండి. వచ్చిన సమాధానాన్ని పెన్ను అంకెలతో పోల్చండి. ఎక్కడ తేడా వస్తే అక్కడ మన పెన్ను తప్పు. రెండూ కలిపి ఇస్తే మాత్రం, తప్పు ఫోన్ చదవడంలో ఉందో మన రాతలో ఉందో తెలియదు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ కోడ్‌ని ఆ గడిలో 4 ఎందుకు అని అడిగితే దాని దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: వేరే అంకె పెట్టి చూశాను, ముందుకెళ్లాక ఎక్కడో ఇరుక్కుంది. మనిషికి కావలసిన కారణం అది కాదు.

మనం ఎక్కడ ఆగిపోయాం?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ గ్రిడ్‌లో ఏ ఖాళీ గడిని తీసుకున్నా కనీసం రెండు అంకెలు సరిపోతాయి. అలాగే ఏ వరుస, ఏ కాలమ్, ఏ బాక్స్ తీసుకున్నా అక్కడ రావలసిన ప్రతి అంకెకీ కనీసం రెండు చోట్లు కనిపిస్తాయి. అంటే మామూలుగా మనం వాడే రెండు రూల్స్‌తో ఒక్క గడి కూడా నిండదు. ఆగిపోవడానికి కారణం ఇదే, మన చూపు లోపం కాదు.

హింట్ నొక్కితే కొన్ని యాప్స్ ముందు 4వ కాలమ్‌ని చూపిస్తాయి. ఆ కాలమ్‌లో 8 పెట్టడానికి `R1C4`, `R3C4` మాత్రమే ఉన్నాయి. 9కి కూడా సరిగ్గా అవే రెండు. రెండు అంకెలకి రెండే గడులు కాబట్టి ఆ గడుల్లో ఇంకేమీ రావు. దీంతో అక్కడి మిగతా ఆప్షన్స్ పోతాయి. కానీ ఇంకా ఏ గడీ నిండదు. అసలు తాళం వేరే చోట ఉంది.

6వ వరుస చూడండి.

```
3 . 5 | . 1 8 | . 7 9
```

ఇక్కడ లేనివి 2, 4, 6. ఖాళీలు మూడు: `R6C2`, `R6C4`, `R6C7`. మూడింట్లోనూ మూడు అంకెలూ సరిపోతాయి. కాలమ్‌లు చూసినా, బాక్సులు చూసినా ఒక్కటి కూడా తగ్గదు. ఈ గ్రిడ్ మొత్తంలో కష్టమైన చోటు ఇదే. దీన్ని విప్పే ఆధారం ఈ వరుసలో లేదు, దీనికి దూరంగా 2వ వరుసలో, 9వ వరుసలో ఉంది.

ఎక్స్-వింగ్: రెండు వరుసలు కలిసి చెప్పే మాట

ఆ రెండు వరుసల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

```
R2:  6 . 9 | . 3 1 | 5 8 2
R9:  9 . 3 | . 5 2 | 7 1 8
```

2వ వరుసలో మిగిలినవి 4, 7. ఖాళీలు 2వ కాలమ్‌లో ఒకటి, 4వ కాలమ్‌లో ఒకటి. 9వ వరుసలో మిగిలినవి 4, 6. ఖాళీలు మళ్లీ అదే 2వ కాలమ్, అదే 4వ కాలమ్. రెండు వరుసలకీ 4 కావాలి, రెండింటికీ ఉన్న చోట్లు అవే రెండు కాలమ్‌లు.

2వ వరుసలో 4 ఎక్కడుందో మనకి తెలియదు. రెండు రకాలుగా ఉండొచ్చు. అది `R2C2` లో ఉంటే, 2వ కాలమ్‌కి 4 వచ్చేసింది. కాబట్టి 9వ వరుసలోని 4 తప్పనిసరిగా `R9C4` కి వెళ్తుంది. అలా కాకుండా `R2C4` లో ఉంటే, 9వ వరుసలోని 4 `R9C2` కి వెళ్తుంది. ఎలా జరిగినా సరే, 2వ కాలమ్‌లోని 4, 4వ కాలమ్‌లోని 4 రెండూ ఈ నాలుగు గడుల్లోనే ఉంటాయి. ఎదురెదురు మూలల్ని కలిపితే ఎక్స్ ఆకారం వస్తుంది కాబట్టి దీన్ని ఎక్స్-వింగ్ అంటారు.

ఇందులో తమాషా ఏంటంటే, 4 కచ్చితంగా ఏ మూలలో ఉందో తెలియకుండానే మనకి ఒక పక్కా సమాచారం దొరికింది. ఆ రెండు కాలమ్‌లలో మిగతా ఏ గడిలోనూ 4 రాదు. కాబట్టి `R6C2` లో 4 రాదు, `R6C4` లో 4 రాదు. 6వ వరుసకి 4 కావాలి కదా, మిగిలింది ఒక్క `R6C7`. అంతే, `R6C7` = 4. ఊహ లేదు, పెట్టి చూడటం లేదు.

ఎక్స్-వింగ్‌లో తరచూ జరిగే పొరపాటు

ఒక వరుసలో ఆ అంకెకి సరిగ్గా రెండే చోట్లు ఉండాలి. మూడోది ఉంటే లెక్క చెల్లదు. ఉదాహరణకి ఇదే గ్రిడ్‌లో 7వ వరుస చూడండి. అక్కడ 4 `R7C1`, `R7C6`, `R7C8` అనే మూడు చోట్ల రావచ్చు. అందులో మనకి నచ్చిన రెండింటిని తీసుకుని ఇంకో వరుసతో జత కట్టలేం, ఎందుకంటే 4 ఆ మూడో చోటికి వెళ్లిపోతే మొత్తం వాదన కూలిపోతుంది.

ఇంకోటి, ఎటు వైపు తీసేయాలన్నది. జత వరుసల్లో దొరికితే అంకెల్ని కాలమ్‌లలో తీసేయాలి. జత కాలమ్‌లలో దొరికితే వరుసల్లో తీసేయాలి. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు. మన లెక్కలో తేలింది 2వ కాలమ్‌కి, 4వ కాలమ్‌కి 4 దొరికిందని, కాబట్టి తీసేసేది కూడా అక్కడే.

ఇంకా ముఖ్యమైనది ఫోటో సంగతి. ఈ వాదన మొత్తం 2వ వరుసలో ఏడు, 9వ వరుసలో ఏడు అంకెలు సరిగ్గా చదివారన్న దాని మీదే నిలబడింది. కాబట్టి హింట్ నమ్మే ముందు గ్రిడ్ మొత్తం పోల్చక్కర్లేదు, ఈ రెండు వరుసలు, 6వ వరుస పేపర్‌తో పోల్చుకుంటే చాలు. యాప్ ఇచ్చిన సమాధానానికి లేని సౌకర్యం కారణానికి ఉంది: అది ఏ అంకెల మీద ఆధారపడిందో మనం చూడగలం.

అదే గడిలో 2 పెడితే ఏమవుతుంది?

కంప్యూటర్ చేసే పనిని మనమూ ఒకసారి చేసి చూద్దాం, తేడా తెలుస్తుంది. `R6C7` లో 2 పెట్టామనుకుందాం. 7వ కాలమ్‌కి 2 వచ్చింది కాబట్టి `R8C7` లో 2 రాదు. `R8C9` లో 4, 6 మాత్రమే రావచ్చు. అంటే 9వ బాక్స్‌లో 2కి మిగిలింది `R7C8`. అప్పుడు 7వ వరుసలో `R7C1` కి 2 పోయి 4 మిగులుతుంది. 7వ బాక్స్‌కి 4 వచ్చింది కాబట్టి `R9C2` లో 6, `R9C4` లో 4. దాంతో `R2C4` లో 7, `R2C2` లో 4. ఇప్పుడు `R6C2` చూడండి. 2వ కాలమ్‌లో 4, 6 రెండూ వచ్చేశాయి, 6వ వరుసలో 2 మనమే పెట్టాం. ఆ గడిలో పెట్టడానికి ఏమీ లేదు. కాబట్టి 2 తప్పు.

ఇది కూడా రుజువే, తప్పేం లేదు. కానీ ఎనిమిది గడులు గుర్తుపెట్టుకుంటే ఒక్క అంకె తప్పని తెలిసింది. 6 సంగతి మళ్లీ విడిగా చూడాలి. ఎక్స్-వింగ్ రెండు వరుసలు చూసి ఒకేసారి తేల్చేసింది. పెన్నుతో పేపర్ మీద ఇలా పెట్టి చూడటం మొదలుపెడితే చెరపడానికి వీలుండదు కూడా.

మిగతా గడులు వరసగా

4 పడగానే గ్రిడ్ మొత్తం కదులుతుంది. 7వ కాలమ్‌లో మిగిలినవి 2, 6. `R3C7` లో 2 రాదు, 3వ వరుసలో ఉంది. కాబట్టి `R3C7` = 6, `R8C7` = 2. 6వ బాక్స్‌లో మిగిలినవి కూడా 2, 6. 9వ కాలమ్‌లో 2 ఉంది కాబట్టి `R5C9` = 6, `R5C8` = 2. 9వ కాలమ్‌లో చివరిగా `R8C9` = 4. 9వ బాక్స్‌లో మిగిలిన `R7C8` = 6.

7వ వరుసలో ఇక 2, 4 ఉన్నాయి. 6వ కాలమ్‌లో 2 ఉంది కాబట్టి `R7C6` = 4, `R7C1` = 2. ఇప్పుడు మన ఎక్స్ ముడి విడిపోతుంది. 8వ బాక్స్‌కి 4 వచ్చేసింది కాబట్టి `R9C4` = 6, `R9C2` = 4. అక్కడి నుంచి `R2C2` = 7, `R2C4` = 4. అంటే 4లు `R2C4`, `R9C2` అనే ఎదురెదురు మూలల్లో కూర్చున్నాయి. 6వ వరుసలో 4వ కాలమ్‌కి 6 వచ్చింది కాబట్టి `R6C4` = 2, `R6C2` = 6. ఇందాక మూడూ ఒకేలా కనిపించిన గడులు మూడూ నిండిపోయాయి.

ఆ తర్వాత 7వ బాక్స్‌లో 1, 6, 8 మిగులుతాయి. 1వ కాలమ్‌లో 1, 6 ఉన్నాయి కాబట్టి `R8C1` = 8. 2వ కాలమ్‌లో 6 ఉంది కాబట్టి `R8C2` = 1, `R8C3` = 6. ఇక్కడి నుంచి ప్రతి అడుగులో ఎక్కడో ఒక గడికి ఒక్క అంకే మిగులుతుంది, కొత్త ఉపాయం ఏదీ అక్కర్లేదు. పూర్తి సమాధానం ఇదీ.

```
5 8 2 | 9 7 6 | 3 4 1
6 7 9 | 4 3 1 | 5 8 2
1 3 4 | 8 2 5 | 6 9 7
------+-------+------
4 2 1 | 7 6 9 | 8 3 5
7 9 8 | 5 4 3 | 1 2 6
3 6 5 | 2 1 8 | 4 7 9
------+-------+------
2 5 7 | 1 8 4 | 9 6 3
8 1 6 | 3 9 7 | 2 5 4
9 4 3 | 6 5 2 | 7 1 8
```

యాప్ ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

స్కానర్ యాప్ వేగంగా సాల్వ్ చేస్తుందా అన్నది పెద్ద తేడా కాదు, ఆ పని ఇప్పటి ఏ ఫోన్‌కైనా తేలికే. చూడాల్సినవి వేరే. స్కాన్ అయ్యాక అంకెలు మార్చుకునే ఎడిట్ స్క్రీన్ ఉందా? రెండు సమాధానాలు ఉంటే ఆ సంగతి చెబుతుందా, లేక మొదట దొరికింది చూపించి ఊరుకుంటుందా? హింట్ నొక్కితే గడిలో అంకె నింపేస్తుందా, లేక ఏ వరుసల వల్ల ఆ అంకె వచ్చిందో రంగు వేసి చూపిస్తుందా?

వీటిని పరీక్షించడానికి పై గ్రిడ్‌నే కాగితం మీద రాసుకుని వాడొచ్చు. ముందు ఉన్నది ఉన్నట్టుగా స్కాన్ చేసి హింట్ నొక్కుతూ వెళ్లండి. యాప్‌కి కారణాలు తెలిస్తే ఎక్కడో ఒకచోట 2వ, 9వ వరుసల్లోని 4ల్ని గానీ, అదే ఫలితం ఇచ్చే వేరే లాజిక్‌ని గానీ చూపించాలి. కారణం లేకుండా నేరుగా అంకె నింపేస్తే, లోపల జరిగేది పెట్టి చూడటమే. తర్వాత ఎడిట్ స్క్రీన్‌లో `R3C2` ని 8గా మార్చి సాల్వ్ నొక్కండి. సమాధానం లేదని మాత్రమే చెప్పి ఆగితే అది మామూలు యాప్. 1వ బాక్స్‌లో 3కి చోటు లేదని చూపిస్తే, ఆ యాప్‌ని ఫోన్‌లో ఉంచుకోవచ్చు.